ముందు చెప్పాల్సింది ఆడేవాళ్లకు

"కార్యక్రమంలో స్వల్ప మార్పులు చోటు చేసుకున్నాయి. సభికులు, అతిథులు సహకరించవలసిందిగా మనవి."

ఆగస్టు 9న మన ఏజెన్సీలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా మైకులో ఈ రెండు వాక్యాలు వినిపిస్తాయి. నేనూ ఏళ్ల తరబడి చదివాను. పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి, గొంతు పెద్దది కాబట్టి, మైకు నా చేతికే వచ్చేది. ఆ వాక్యాలు ఎంత అబద్ధమో నాకు అర్థం కావడానికి ఒక థింసా బృందం మెట్ల దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది.

మార్పులు వాటంతట అవే చోటు చేసుకోవు. ఎవరో ఒకరు మారుస్తారు. ఎవరికోసమో మారుస్తారు. ఆ ఇద్దరినీ దాచిపెట్టడానికే ఆ వాక్యాన్ని అలా కట్టారు. రెండో వాక్యం ఎవరిని బతిమాలుతోందో కూడా చూడండి. కుర్చీల్లో కూర్చున్నవాళ్లను. వేదిక వెనక వానలో తడిసిన పట్టా కింద గజ్జెలు కట్టుకుని నిలబడ్డవాళ్లకు మనవి లేదు, సహకారం అడగడం లేదు. వాళ్ల దగ్గరికి ఒక కుర్రాణ్ణి పంపి "ఆగండమ్మా, తర్వాత పిలుస్తాం" అనిపిస్తాం.

నా వాదన ఇంతే. కార్యక్రమ వరుస మార్చడం తప్పు కాదు. ఘాట్ రోడ్డు మీద చెట్టు పడుతుంది, కరెంటు పోతుంది, వాన వస్తుంది, వరుస మారుతుంది. కానీ ఆ మార్పును ముందుగా వినే హక్కు ఆడేవాళ్లది, పాడేవాళ్లది, వాయించేవాళ్లది. అతిథి తర్వాత. మైకు అందరికన్నా తర్వాత. మనం దీన్ని సరిగ్గా తలకిందులు చేసి నడుపుతున్నాం.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. ఊరి పేరు, శాఖ పేరు ఎందుకు? ఎవరి మండలంలోనైనా జరిగేదే.

కార్యక్రమం పది గంటలకు అని కాగితం మీద రాసుకున్నాం. మొదట ఊరి పూజారి చేత పూజ. తర్వాత కొండ మీది ఊరి మహిళల థింసా. అటు తర్వాత ఆశ్రమ పాఠశాల పిల్లల పాట, కువి పాటలు పాడే ఇద్దరు ముసలమ్మలు, కింది ఊరి వాళ్ల థింసా. ఆఖరున ప్రసంగాలు, సన్మానాలు, భోజనం. మేం బాగానే ఆలోచించి పెట్టిన వరుస అది. కొండ మీది ఊరి వాళ్లు ఆడతామన్నది బోడ థింసా. థింసాలో చాలా రకాలున్నాయి. బోడ థింసా గ్రామదేవత పేరు మీద ఆడేది. అందుకని పూజ వెనకే దాన్ని పెట్టమని వాళ్లే అడిగారు, మేం ఒప్పుకున్నాం. అమ్మవారికి ఆడాకే తింటామని ఆ పద్దెనిమిది మంది ఏమీ తినకుండా చీకటితో బయలుదేరి నడిచి వచ్చారు.

పదిన్నరకు రావాల్సిన ముఖ్య అతిథి పదకొండున్నరకు కూడా రాలేదు. బయలుదేరారని ఫోను, ఇంకా బయలుదేరలేదని ఇంకో ఫోను. పూజ అయింది. అప్పుడు నిర్వాహకుల్లో ఒకాయన నా చెవిలో అన్నాడు: "కొండ మీద వాళ్లది పెద్ద బృందం, చూడ్డానికి బాగుంటుంది. సార్ వచ్చేటప్పుడు స్వాగతానికి పెడదాం. అందాకా పిల్లలతో పాడించండి." నేను తల ఊపాను. పెన్ను తీసుకుని కాగితం మీద ఒక బాణం గీశాను. మైకులో స్వల్ప మార్పుల వాక్యం చదివాను. బృందం దగ్గరికి నేను వెళ్లలేదు. మైకులో చెప్పాను కదా, విని ఉంటారు అనుకున్నాను.

వాళ్లు వినలేదు. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి, వేదిక వెనక మాట ముద్దగా వినిపిస్తుంది. విన్నా "అంశాల క్రమంలో మార్పు" అన్న తెలుగు వాళ్లది కాదు. వాళ్ల ఊళ్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. పిల్లలు పాడడం మొదలుపెట్టాక కూడా తర్వాత తమదే అనుకుని మెట్ల దగ్గర నిలబడే ఉన్నారు. పిల్లలయ్యాక కువి పాటల ముసలమ్మల్ని పిలిచాను. అప్పుడు కూడా నిలబడే ఉన్నారు.

డప్పుల సంగతి ఇక్కడ చెప్పాలి. డప్పు వాయించే ముందు మంట మీద కాచాలి. చర్మం బిగుస్తుంది, మాట పలుకుతుంది. శ్రావణ మాసపు తడి గాలిలో ఆ బిగువు ఎక్కువసేపు నిలవదు, చర్మం మళ్లీ తేమ పీల్చుకుని సడలుతుంది. పూజ జరుగుతుండగానే వాళ్లు గడ్డి అంటించి డప్పులు కాచుకున్నారు. షామియానా దగ్గర మంట వద్దని మా వాలంటీరు ఆ మంట ఆర్పేశాడు. గంట తర్వాత మళ్లీ కాచుకోవడానికి నిప్పు లేదు, పొడి గడ్డి లేదు. వాయించే అతను డప్పును చొక్కా కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంకో చిక్కు నాకు తర్వాత తెలిసింది. కొండ మీది ఊరికీ కింది ఊరికీ మోరీ ఊదేది ఒకే మనిషి. మోరీ ఊదేవాళ్లు ఇప్పుడు ఊరికొకరు లేరు, ఒకాయన రెండు మూడు ఊళ్లకు వెళ్తాడు. మేం మొదట రాసుకున్న వరుసలో ఆ రెండు బృందాల మధ్య రెండు అంశాలున్నాయి. ఆయనకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది. నేను బాణం గీయడంతో కింది ఊరి ఆట ముందుకు వచ్చింది. ఆయన దాంట్లో ఊదాడు. అది అవుతుండగానే కారు వచ్చింది. ఆయన చెమట తుడుచుకోకముందే రెండో బృందానికి ఊదాలి.

కారు ఆగగానే నేను మైకులో గట్టిగా అన్నాను: "గౌరవనీయులైన ముఖ్య అతిథి గారికి స్వాగతం పలుకుతూ ఇప్పుడు మన అక్కచెల్లెళ్ల థింసా!"

వాళ్లు కదల్లేదు. నేను రెండోసారి పిలిచాను. మూడోసారి "ఎక్కడున్నారమ్మా, త్వరగా రావాలి, సార్‌కి టైము లేదు" అన్నాను. వెయ్యి మంది ముందు, వేదిక మెట్ల దగ్గరే నిలబడ్డ వాళ్లను, ఎక్కడో తప్పిపోయినట్టు పిలిచాను. అప్పుడు వాళ్లలో పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది.

"మేస్టారు బాబూ, ఇది అమ్మోరి ఆట. కారుకి ఎలాగ ఆడతాం?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. "మారిత్తే మార్సండి. మాకు సెప్పాలి కదా. ముందే సెప్పుంటే వేరే ఆట ఆడుదుం" అంది.

ఆవిడ అన్న రెండో మాట దగ్గర ఆగుదాం. ఆవిడ మార్పును కాదనలేదు. థింసాలో పండుగ సరదాకు ఆడేవి ఉన్నాయి, ఎవరొచ్చినా ఎదురెళ్లి ఆడగలిగేవి ఉన్నాయి. గంట ముందు ఎవరైనా వెళ్లి అడిగి ఉంటే ఆవిడే దారి చూపించేది. అమ్మవారి ఆట పూజ వెనకే ఆడేసి, అతిథి వచ్చినప్పుడు ఇంకొకటి ఆడేవారు. మాకు రెండు ఆటలు దొరికేవి. అడగలేదు కాబట్టి ఒకటీ సరిగ్గా దొరకలేదు. చివరికి వాళ్లు ఆడారు. సడలిన డప్పుతో, అలసిన మోరీతో, నాలుగు నిమిషాలు. ఫొటోలు బాగా వచ్చాయి. భోజనాలు మొదలయ్యేసరికి మూడు దాటింది. వాళ్లలో ఇద్దరు తినకుండానే నడక మొదలుపెట్టారు, కొండ దారిలో చీకటి పడుతుందని.

దీన్ని నేను చెప్పినప్పుడల్లా మనవాళ్లు నాలుగు సమాధానాలు ఇస్తారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "మన సంస్కృతిలో టైము పట్టికలు ఎక్కడివి? తెల్లారేదాకా ఆడతాం, ఎవరికి తోస్తే వాళ్లు దిగుతారు. వరుస, క్రమం అన్నవి మైదానం వాళ్ల అలవాట్లు." వినడానికి బాగుంటుంది. కానీ చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్ని గుర్తు తెచ్చుకోండి. అక్కడ ఆట మారితే అందరూ చూస్తుండగానే మారుతుంది. ముందు తుడుం దరువు మారుతుంది. దరువు విని కాళ్లు మారతాయి. పెద్దాయన చెయ్యెత్తి ఏదన్నా చెప్తే ఆడేవాళ్లకూ చూసేవాళ్లకూ ఒకేసారి తెలుస్తుంది. అక్కడ వెనక గది లేదు, తెర లేదు, మెట్లు లేవు. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని రెండు రకాల మనుషులు లేరు. వేదిక కట్టి, దాని వెనక పట్టా వేసి, మైకు ఒకరి చేతిలో పెట్టిన రోజున ఆ రెండు రకాల మనుషుల్ని మనమే తయారుచేశాం. వేదిక మనం తెచ్చుకున్నాం కాబట్టి వేదిక వెనక ఉన్నవాళ్లకు కబురు చెప్పే పని కూడా మనదే. ఊళ్లో దరువు చేసిన పనిని ఇక్కడ ఒక మనిషి చేయాలి. ఇంకో సంగతి. టైము పట్టిక మనది కాదన్న ఈ మాట అతిథి ఆలస్యమైనప్పుడే గుర్తుకొస్తుంది. బృందం పది నిమిషాలు ఆలస్యమైతే "మీకు టైమంటే లెక్కలేదు" అని మనమే తిడతాం.

రెండోది: "పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఆట లేకపోతే బాగుండదు. వాళ్ల చేతిలోనే మన రోడ్డు, మన భవనం ఉన్నాయి." దీన్ని నేను కొట్టిపారేయను. మనకు రోడ్డు కావాలి. కానీ అతిథికి కోపం వస్తుందన్నది మనం ఊహించుకున్న భయం. అతిథిని ఎవరూ అడగలేదు. ఆలస్యమైనవాళ్లు చాలామంది తాము రాకముందే కార్యక్రమం నడుస్తోందంటే ఊపిరి పీల్చుకుంటారు. తమకోసం రెండు గంటలు జనాన్ని ఆపారని తెలిస్తేనే ఇబ్బంది పడతారు. కారు ఘాట్ ఎక్కక ముందే ఫోనులో ఒక మాట చెప్పాలి: "సార్, పూజ వెనక ఆట మొదలైపోయింది. మీరొచ్చేసరికి ఏదో ఒక అంశం నడుస్తుంటుంది. అది అయ్యాక మిమ్మల్ని పైకి పిలుస్తాం, అప్పటిదాకా ముందు వరసలో కూర్చోండి." కారు దిగాక అదే మాట మళ్లీ, మైకులో కాకుండా, పక్కన నిలబడి చెప్పాలి. తర్వాతి ఏడాది మేం ఇలాగే చేశాం. వచ్చిన అతిథి పది నిమిషాలు కింద కూర్చుని చూశారు. వెంట వచ్చిన ఒక ఉద్యోగి మాత్రం ముఖం మాడ్చుకుని, సార్‌ని కింద కూర్చోబెడతారా అని నన్ను పక్కకు పిలిచి కసిరాడు. కసిరితే కసిరాడు. ఆ కసురు పడేవాణ్ణి నేను ఒక్కణ్ణే, మెట్ల దగ్గర నిలబడ్డ పద్దెనిమిది మంది కాదు.

మూడోది: "మార్పు చిన్నదే కదా, రెండు అంశాలు అటూ ఇటూ." ఎవరికి చిన్నది? కుర్చీలో ఉన్నవాడికి రెండు అంశాలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. ఆడేవాళ్లకు అది కాచిన డప్పు, పట్టిన ఉపవాసం, పంచుకున్న మోరీ, దిగాల్సిన కొండ. ఏది చిన్న మార్పో చెప్పగలిగింది ఆ బృందమే. అడిగితే చాలాసార్లు నిజంగానే "చిన్నదే, పర్లేదు" అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి రావాలి. వాళ్ల తరఫున మనం అనేస్తున్నాం.

నాలుగోది నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది: "వాళ్లు ఏమనుకోరు, మనవాళ్లే కదా." మనవాళ్లు కాబట్టి చెప్పనక్కర్లేదట. ఈ దినోత్సవం ఎక్కడి నుంచి వచ్చింది? 1982 ఆగస్టు 9న ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల సమస్యల మీద వేసిన బృందం మొదటిసారి కూర్చుంది. ఆ తేదీని గుర్తుంచుకోవాలని 1994లో నిర్ణయించారు. 2007లో వచ్చిన ఆదివాసీ హక్కుల ప్రకటనలో పదే పదే కనిపించేది ముందుగా తెలియజేసి, ఒత్తిడి లేకుండా తీసుకునే సమ్మతి. మన దేశంలో 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని చెప్తోంది. మన యువకులు ఇదే వేదిక ఎక్కి, మమ్మల్ని అడక్కుండా మా కొండ మీద నిర్ణయాలు చేస్తున్నారని గంటసేపు మాట్లాడతారు. న్యాయమైన మాట. ఆ మాట మాట్లాడుతున్నప్పుడే వేదిక వెనక, మనవాళ్లను అడక్కుండా వాళ్ల ఆట మీద మనం నిర్ణయం చేసేస్తున్నాం. భూమీ ఆటా సమానమని నేను అనడం లేదు. అడగకుండా చేసే అలవాటు మాత్రం అదే.

సరే, ఎలా చెప్పాలి? ఇది ఉపన్యాసంతో తేలదు. మేం తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతి చెప్తాను. దీనికి డబ్బు అక్కర్లేదు. ఒక మనిషి, ఒక నల్లబల్ల, కొంచెం సిగ్గు చాలు.

వరుస మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి. ఎవరు పడితే వాళ్లు వ్యాఖ్యాత చెవిలో గుసగుసలాడితే నా కాగితం మీద బాణాలు పడ్డట్టే పడతాయి. ఆ ఒక్కరు వేదిక మీద కూర్చునేవారు కాకూడదు, వేదిక వెనక తిరిగేవారు కావాలి. బృందాలన్నీ పొద్దున్న వచ్చిన వెంటనే ఆ మనిషి ఒక్కో బృందాన్నీ రెండు ప్రశ్నలు అడిగి రాసుకోవాలి. మీ ఆట దేని వెనక రావాలి, దేని వెనక రాకూడదు? మీకు వాయించేవాళ్లు ఇంకెవరికైనా వాయిస్తున్నారా? ఈ రెండూ తెలిస్తే ఏది జరపొచ్చో ఏది జరపకూడదో ముందే తెలిసిపోతుంది. పూజ, దాని వెంట వచ్చే అమ్మవారి ఆట జరగవు. ఆశ్రమ పాఠశాల పిల్లల పాట, సన్మానాలు, ప్రసంగాలు జరుగుతాయి. నిజానికి అన్నిటికన్నా తేలిగ్గా జరిగేది ప్రసంగమే. దానికి నిప్పు అక్కర్లేదు, ఊపిరి సరిపోతుంది. మనం మాత్రం దాన్నే రాయిలా పాతి, మిగిలినవన్నీ దాని చుట్టూ తిప్పుతాం.

మార్పు అవసరమైతే ఆ మనిషి నడిచి బృందం దగ్గరికి వెళ్లాలి. ఫోను వద్దు, కుర్రాడి చేత కబురు వద్దు. ఆడేవాళ్ల పెద్దకూ, మోరీ ఊదేవాడికీ ఇద్దరికీ కలిపి చెప్పాలి, ఎందుకంటే ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరకపోవచ్చు. వాళ్ల భాషలో చెప్పాలి. కువి వాళ్లకు కువిలో, ఒడియా మాట్లాడేవాళ్లకు ఆ ఒడియాలో. మనకు రాకపోతే వచ్చినవాణ్ణి వెంట తీసుకుపోవాలి. మన పదో తరగతి పిల్లల్లో రెండు భాషలు వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

చెప్పాల్సినవి నాలుగే. ఎందుకు మారుస్తున్నాం. మీది ఇప్పుడు ఎవరి వెనక వస్తుంది. సుమారు ఎంతసేపు పడుతుంది, ఈలోగా తినొచ్చా, డప్పులు ఎక్కడ కాచుకోవాలి. ఇది మీకు కుదురుతుందా. ఈ నాలుగోది అడగకపోతే మొదటి మూడూ చెప్పినా అది ఆజ్ఞే. కుదరదంటే వేరే దారి వెతకాలి. కుదురుతుందంటే "ఇప్పుడు మీది ఎవరి తర్వాత?" అని వాళ్ల చేతే ఒకసారి చెప్పించుకోవాలి. మర్యాదకు తల ఊపేవాళ్లు మనలో ఎక్కువ. తల ఊపడం వేరు, అర్థమవడం వేరు.

తర్వాత నల్లబల్ల. వేదిక వెనక అందరికీ కనిపించేచోట పెట్టాలి. దాని మీద అంకెలు వేయొద్దు. మేం మొదట్లో ఒకటి, రెండు, మూడు అని రాసి నాలుగో అంశం ముందుకు జరిగింది అని ప్రకటించేవాళ్లం. ఒకసారి జరిగాక పాత నాలుగు ఏది, కొత్త నాలుగు ఏది? ఒక బృందం పాత కాగితం పట్టుకుని, ఇంకో బృందం కొత్త కాగితం పట్టుకుని ఇద్దరూ ఒకేసారి మెట్లెక్కారు. ఇప్పుడు ఊరి పేరు, ఆట పేరు రాస్తాం. మైకులో కూడా అలాగే పిలుస్తాం. థింసా అని మాత్రమే అంటే రెండు బృందాలు లేస్తాయి. మార్పు రాయగానే పాత కాగితాలన్నీ చించేయాలి. మైకు సెట్టు అబ్బాయి దగ్గర ఉన్నది కూడా.

ఇవన్నీ అయ్యాకే మైకు. అప్పుడు చదవాల్సింది "స్వల్ప మార్పులు" కాదు. ఇలా అనొచ్చు:

"అందరికీ ఒక మాట. ముఖ్య అతిథి గారు దారిలో ఉన్నారు, ఇంకా గంట పడుతుంది. అందుకని ప్రసంగాలను వెనక్కి జరిపాం. ఆటలు అనుకున్న వరుసలోనే నడుస్తాయి. ఒక్క మార్పు, కింది ఊరి థింసా భోజనాల తర్వాత ఉంటుంది. ఆ బృందం వాళ్లతో మాట్లాడాం, వాళ్లు సరేనన్నారు. ఏ అంశమూ తీసేయలేదు."

ఇందులో ఎందుకు మారిందో ఉంది, ఎవరిది మారిందో ఉంది, వాళ్లు ఒప్పుకున్న సంగతి ఉంది. ఆఖరి వాక్యాన్ని వదలొద్దు. వరుస మారిందంటే తమది ఎగిరిపోయిందని భయపడే బృందాలు ఉంటాయి, చాలాసార్లు ఆ భయం నిజమైంది కాబట్టి. ఒకవేళ నిజంగానే ఒకటి తీసేయాల్సి వస్తే దాన్ని వెనక్కి జరిపామని అబద్ధం చెప్పొద్దు. మీది ఈరోజు కుదరదని ఎదురుగా నిలబడి చెప్పాలి. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, అతిథులు వెళ్లిపోయాక ఖాళీ కుర్చీల ముందు ఆడించడం కన్నా అది మేలు.

ఈ ప్రకటనను రెండుసార్లు చదవాలి, రెండోసారి ఇంకో భాషలో. మారిన అంశం వచ్చే ముందు మళ్లీ ఒకసారి చెప్పాలి, మధ్యలో వచ్చినవాళ్లకు తెలియదు కనుక. చెప్పిన మాట చేరిందో లేదో తెలుసుకునే గుర్తు ఒకటుంది. ముందు అంశం సగంలో ఉండగా తర్వాతి బృందం మెట్ల దగ్గరికి రావాలి. రాలేదంటే వాళ్లకు చేరలేదు. అప్పుడు మనిషిని పంపాలి. మైకులో "ఎక్కడున్నారమ్మా" అని పిలవకూడదు. తప్పు మనది, పరువు వాళ్లదా?

అడిగే వ్యవధి లేని సందర్భాలూ వస్తాయి. ఆగస్టు వాన ఒక్కసారిగా పడుతుంది. తడిసిన తివాచీ మీద, తడిసిన చెక్కల మీద ఒట్టి కాళ్లతో గొలుసుగా పట్టుకుని ఆడేవాళ్లలో ఒకరు జారితే అందరూ పడతారు. అక్కడ వెంటనే ఆపాల్సిందే, ఒప్పందాలు తర్వాత. కానీ ఆపిన మరుక్షణం వెళ్లి, ఎందుకు ఆపామో, మళ్లీ ఎప్పుడో ఆ బృందానికి ముందు చెప్పాలి. వానలో కూడా వరుస అదే. ముందు ఆడేవాళ్లు, తర్వాత మైకు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ సభల్లో మైకు పట్టుకునేది ఎక్కువగా మనమే. మన చేతిలో కాగితం ఉంటుంది, మన నోట్లో తెలుగు ఉంటుంది. అధికారులకు భయపడి బాణాలు గీసేదీ మనమే. ఎవరైనా వచ్చి చెవిలో వరుస మార్చమంటే "వాళ్లకు చెప్పారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. చెప్పలేదంటే మైకు కింద పెట్టి మీరే వెళ్లి చెప్పి రండి. రెండు నిమిషాలు సభ మౌనంగా ఉంటే ఏమీ కాదు.

యువకులకు ఇంకో మాట. వేదిక ముందు నినాదాలు ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. వేదిక వెనక నిలబడేవాళ్లు తక్కువ. ఈసారి మీలో ఇద్దరు వెనక ఉండండి. నల్లబల్ల మీ చేతిలో పెట్టుకోండి. షామియానాకు దూరంగా, రేకు కింద, డప్పులు కాచుకోవడానికి ఒక పొయ్యి, ఒక మోపు పొడి గడ్డి పెట్టించండి. ఏ ఊరి వాళ్లు తిన్నారో, ఎవరు ఎంత దూరం నడిచి వెళ్లాలో కనుక్కుని రాయండి.

ఆ పెద్దావిడ ఊరికి నేను ఆ శీతాకాలంలో వెళ్లాను. తప్పు ఒప్పుకుందామని వెళ్లాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "వచ్చే ఏడు పిలిత్తారా?" అని అడిగింది. పిలుస్తాం అన్నాను. "పిలిత్తే ముందు రాత్రే మనిసిని పంపండి. ఏ ఆట ఎప్పుడో మాటాడుకుని దిగుతాం" అంది. అప్పటి నుంచి మేం ఆగస్టు 8 సాయంత్రం ప్రతి బృందం ఊరికీ ఒక మనిషిని పంపుతున్నాం.